గాలి మళ్లిన ఉత్తరం

1879లో మన దేశానికి పోస్టుకార్డు వచ్చింది. చదువు రానివాళ్ల ఇళ్లకూ ఉత్తరాలు చేరాయి కాబట్టి, ఊళ్లలో ఒకరు రాసిపెట్టాల్సి వచ్చేది, అవతలి ఊళ్లో ఇంకొకరు చదివిపెట్టాల్సి వచ్చేది. ఉత్తరాలు రాసిపెట్టేవాడి పనితనమంతా ఆ రెండో మనిషి చదివితే వినేవాళ్లను ముందే ఊహించడంలో ఉండేది. తను రాసేది కంటితో చదివే తల్లికి కాదు, పదిమందిలో చెవితో వినే తల్లికి.

అందుకే 'ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను' అన్న మాట మొదట పడేది. కార్డు చూడగానే ఇంటివాళ్లకు కీడే తోచేది. క్షేమం విన్నాకే మిగతాది చెవికెక్కేది.

ఓ సన్నివేశం ఊహిద్దాం. నెల్లూరు తీరంలో ఇసకపల్లి దగ్గరి ఉప్పుమడుల్లో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు కార్డు ముక్కతో అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటి సెప్పను బాబూ? రేత్రి పడుకుంటే మా ఊరే అవుపిస్తంది."

రాసే పెద్దాయన కలం ఆగింది. 'పరితపిస్తున్నాను' అని రాస్తే అక్షరాలు అందంగానే ఉంటాయి. కానీ అది కుర్రాడి నోట ఎన్నడూ రాని మాట, తల్లి తన కొడుకును అందులో పోల్చుకోలేదు. 'మనాది' అందామా? అంటే మనోవ్యాధే, వినగానే జబ్బనుకుంటుంది. 'దిగులుగా ఉంది' అంటే ఎందుకో చెప్పాలి. 'బెంగ' దగ్గరి మాటే, కానీ బెంగ పెట్టుకున్న పిల్లలకు జ్వరం వస్తుందని తల్లులకు తెలుసు.

పెద్దాయన కాసేపటికి రాశాడు: 'ఊరి మీదికి గాలి మళ్లింది.'

తెలుగువాళ్లకు ఇది పాత నుడికారమే. పుట్టింటి మీదికి మనసు పోయిన ఆడపిల్లను చూసీ ఇలాగే అంటారు. ఇందులో జబ్బు లేదు, ఏడుపు లేదు, తప్పు ఎవరిదీ కాదు, మళ్లింది గాలి.

అయితే ఈ మాటకూ ఓ చిక్కుంది. పని వదిలేసి వచ్చేస్తున్నాడేమో అనుకుని, చేసిన అప్పు ఎలా తీరుతుందని ఇంట్లో కంగారు పడవచ్చు. అందుకే పక్కనే ఇంకో వాక్యం పడింది: 'వానలు పడి మడులు మునగ్గానే వస్తాను.' ఈ తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఉప్పు పని అప్పుడు ఆగుతుంది. కోరికకు గడువు దొరికింది, తల్లికి లెక్క దొరికింది.

చివరగా పెద్దాయన కార్డంతా పైకి చదివి వినిపించాడు. ఉత్తరం సరిగా వచ్చిందో లేదో తెలిసేది అప్పుడే. నచ్చని మాట దగ్గర చెప్పినవాడు మర్యాదకు తలాడిస్తాడు. సరైన మాట దగ్గర తలాడించడం మరిచిపోతాడు.

కుర్రాడు కదల్లేదు. కాసేపయ్యాక, "ఆ ముక్క ఇంకోసారి సదవండి బాబూ" అన్నాడు.