గులాబీ రంగు అద్దం

పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు ట్యూబ్‌లైటు వెలుగు కంట్లో సూదిలా దిగుతుంది. మా వీధి చివరి కళ్లజోళ్లాయన చేతిలో దానికో ఉపశమనం ఉంది. మరిగీ మరగని రంగునీళ్లలో ప్లాస్టిక్ అద్దాలు ముంచి నిమిషాలు లెక్కపెడతాడు. ఎక్కువసేపు ఉంచితే రంగు చిక్కబడుతుంది. తీశాక తెల్లకాగితం మీద పెట్టి, రెండూ ఒకే ఛాయకు వచ్చాయో లేదో చూస్తాడు. ఎఫ్ఎల్-41 అనే ఈ గులాబీ ఛాయ, నొప్పిని బాగా రెచ్చగొట్టే నీలి-ఆకుపచ్చ వెలుగును తగ్గిస్తుంది.

"ఇంట్లో నల్లద్దాలు పెట్టుకోకండమ్మా, కళ్లు చీకటికి అలవాటుపడితే మామూలు దీపమూ గుచ్చుతుంది" అంటాడు.

నొప్పి ముదిరితే మసక గది, చెవుల్లో ఫోమ్ బిరడాలు హాయినిస్తాయి. తగ్గాక తీసేయాలి, నిశ్శబ్దానికి అలవాటుపడ్డ చెవికి గరిటె చప్పుడూ పిడుగే.