గీతలు కనబడ్డాక జరిగే పని

సంజామల పొలాల్లో, టవర్‌కు 9 కిలోమీటర్ల దూరంలో 4జీ ఫోన్ ఆన్ చేశారనుకుందాం. సిగ్నల్ గీతలు వచ్చాయంటే ఫోన్ టవర్‌ను విన్నదనే అర్థం. ఫోన్ ఉన్నట్టు టవర్‌కింకా తెలియదు. అందుకే ఫోన్ 64 సంకేతాల్లోంచి ఏదో ఒకటి ఎంచుకుని పంపుతుంది. రానూపోనూ పట్టే 60 మైక్రోసెకన్లను టవర్ కొలిచి, ఇకపై అంత ముందుగా పంపమంటుంది. ఈ పొదుపైన పనితనానికే నా మెప్పు. టవర్‌లో గరిష్ఠ దూరం అమరికను ఫోన్ ఉన్న దూరం కన్నా తక్కువగా పెడితే గీతలుంటాయి, కాల్ వెళ్లదు.

ఫోన్‌కో సంకేతం ముందే ఇవ్వొచ్చుగా అంటారా? ముక్కూమొహం తెలియనివారికి ఎలా ఇస్తారు? రెండు ఫోన్లు ఒకే సంకేతం ఎంచుకుంటే, టవర్ తాను విన్న ఫోన్ గుర్తింపునే తిరిగి పలుకుతుంది. రెండోది కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. అటాచ్‌లో సిమ్ తనిఖీ, ఐపీ చిరునామా ఆ తర్వాతే.