డైమండ్ గడి దగ్గర ఆగిన పెన్సిల్

చెన్నై అంబత్తూరులో విడిభాగాలు అమ్మే ఒక సంస్థకు మా సీనియర్ ఆడిటర్ మేడమ్‌తో వెళ్లాను. ఆవిడ పనితనమంతా ఒక్క ఆర్డరు పట్టుకుని, అది డబ్బుగా మారి బ్యాంకులో పడేదాకా వెంట నడవడంలోనే ఉంది.

ఈసారి పట్టుకున్న ఆర్డరు విలువ 1.8 లక్షలు. ఆర్డరిచ్చిన డీలరు పాత బాకీ 4.2 లక్షలు, అరువు పరిమితి 5 లక్షలు. బాకీ, ఆర్డరు కలిస్తే 6 లక్షలు; ఆర్డరు ఆగాలి. సరుకు మాత్రం అదేరోజు వెళ్లిపోయింది. "పరిమితి దాటితే అకౌంట్స్ అనుమతి కావాలి" అన్నారు మేనేజరు. మేడమ్ ఆ మాట రాసుకుని, తిన్నగా సేల్స్‌లో ఆర్డర్లు ఎక్కించే అబ్బాయి పక్కన కూర్చున్నారు.

"ఇది ఆగినప్పుడు ఏం చేశావు బాబూ? ఒకసారి చేసి చూపించు."

"లిమిట్ 7 లక్షలు చేసి రిలీజ్ చేశాను మేడమ్. తర్వాత మళ్లీ 5కి మార్చేశాను."

ఆవిడ తన ఫ్లోచార్ట్‌లో పెన్సిల్‌తో డైమండ్ గడి గీసి, 'పరిమితి దాటిందా?' అని రాశారు. 'అవును' బాణం అకౌంట్స్ వరుసలోకి వెళ్లాల్సింది, సేల్స్ వరుసలోకే తిరిగొచ్చింది. అక్కడ ఎర్రగా చుట్టారు.

నెలాఖరున అకౌంట్స్ వాళ్లు పరిమితుల జాబితా సరిచూస్తున్నారు, నిజమే. కానీ అప్పటికి అంకె మళ్లీ 5 లక్షలే! మార్పుల లాగ్ తీయిస్తే రెండు మార్పులూ ఒకే లాగిన్ పేరున, పదకొండు నిమిషాల తేడాతో కనిపించాయి. ఆ లాగ్ చూడటం ఎవరి పనిగానూ లేదు.