పూట ఉద్యోగం, రోజు సెలవు

మా ఉప్మాకలో వెంకన్న కొండ మెట్లు ఎక్కి దిగినవాడు ఉద్యోగానికి పనికొస్తాడని బంధువులే తేల్చేస్తారు. బైపాస్ అయినవాళ్ల దగ్గర ఈ లెక్క కుదరదు. కాళ్లు ముందే తేరుకుంటాయి. కోసి తీగతో బిగించిన రొమ్ము ఎముక అతకడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అతికాక కూడా మధ్యాహ్నమయ్యేసరికి నీరసం కమ్ముకొస్తుంది. పొద్దుటి పూట పాఠం చెప్పగలరు, సాయంత్రం దాకా నిలబడలేరు.

మెడికల్ లీవు మీద వెళ్లిన ప్రభుత్వోద్యోగి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తేనే తిరిగి చేరనిస్తారు. అందులోనే డాక్టరు "నాలుగు వారాలు తేలిక పని" అని చేర్చారంటే, "అయితే ఇంకా ఫిట్ కాలేదన్నమాట" అని గుమస్తా వెనక్కి పంపేయొచ్చు. ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆయన చూసేది ఒక్క మాటే. అందుకే అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికొచ్చేవాళ్లకి ఫిట్‌నెస్ కాగితం వేరుగా, జాగ్రత్తల కాగితం వేరుగా తెమ్మంటాను. రెండోది అర్జీకి జతచేస్తాం.

ఒక టీచరమ్మకి ఇలా రాశాం: మొదటి రెండు వారాలు మధ్యాహ్నాలకి అర పూట సీఎల్. ఆ తర్వాత పూర్తి సమయం, కాకపోతే నెల దాటేవరకు మేడ మీది క్లాసు వద్దు, పుస్తకాల కట్టలు మోయడం వద్దు. చేరిన రోజు మాత్రం సాయంత్రం దాకా ఉండమన్నాను. సీఎల్‌ని పెద్ద సెలవుకి కలపకూడదు, ఆ అనుమానానికి చోటివ్వడం దేనికి? ఆ రోజు పోగా మిగిలినవి పదకొండు అర పూటలు, అంటే ఏడాదికొచ్చే 15 సీఎల్‌లలో అయిదున్నర. అవే రెండు వారాలు కమ్యూటెడ్ లీవు పొడిగించుంటే 14 రోజులకి 28 అర్ధజీతపు సెలవులు కోసేవారు. ఏడాదంతా పనిచేస్తే జమయ్యేవి 20.

ఆమె పీరియడ్లన్నీ పొద్దుటికి మార్చి, ఎవరితో మార్చుకుంటున్నదీ రాసి, కొత్త టైంటేబుల్ కూడా జతచేశాం. హెడ్మాస్టరు సంతకం పెట్టింది దాన్ని చూసే.

నక్కపల్లి మందుల కంపెనీల్లో చేసేవాళ్లకి ఈ దారి లేదు. ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ కింద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది కానీ, పనిచేసిన రోజుకి రాదు. రెండు గంటలు చేసినా అది పనిచేసిన రోజే. జర్మనీలో డాక్టరు గంటల పట్టిక రాసి, యజమాని ఒప్పుకుంటే, రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టినా ఆ వారాలన్నీ మామూలుగా ఆరోగ్య బీమా భృతి నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం తగ్గిన గంటలకి జీతమెంతో, నైట్ షిఫ్టు ఎన్నాళ్లు ఉండదో ముందే రాయించుకోవాలి. సూపర్‌వైజరు నోటిమాట ఆయన బదిలీతోనే పోతుంది.

ఆపరేషన్లు చేసే డాక్టర్లకి ఒక మనవి. డిశ్చార్జి కాగితం మీద "విశ్రాంతి అవసరం" అని వదిలేయకండి. రోజుకి ఎన్ని గంటలు, ఎన్ని కిలోల వరకు, ఏ తేదీ దాకా అన్నది రాయండి.