స్క్రీన్‌షాట్‌ను కత్తిరించకండి

బంధువులు పంపే స్క్రీన్‌షాట్లు చదివి జవాబివ్వడం నాకు కొన్నేళ్లుగా అలవాటైన పని. ఎర్రరంగులో ఒక హెచ్చరిక, పక్కన పసుపుపచ్చ త్రికోణం, కింద ‘ఇది నిజమేనా?’ అని ఒకే ప్రశ్న. చాలాసార్లు జవాబు ఆ బొమ్మలోనే ఉంటుంది. లేదా పంపేటప్పుడు కత్తిరించి పారేసిన అంచులో ఉంటుంది. ఈ సంగతి కథగా చెబితేనే బాగా తెలుస్తుంది. ఇందులో మాస్టారు, మేనల్లుడు కల్పిత పాత్రలు. ఫోన్లో జరిగింది మాత్రం ఎందరి ఇళ్లలోనో జరుగుతున్నదే.

తెనాలిలో ఒక లెక్కల మాస్టారు. రిటైరయ్యారు. పెన్షన్ పడే బ్యాంకు యాప్ ఫోన్లోనే ఉంది. వేసవిలో ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి భోంచేసి కూర్చున్నారో లేదో ఫోన్ మోగింది. మీ ఫోన్లో 5 వైరస్‌లున్నాయి, వెంటనే తొలగించకపోతే ఫోన్ పాడవుతుంది అని ఇంగ్లీషులో ఒక నోటిఫికేషన్. నొక్కితే ఎర్రటి పేజీ తెరుచుకుంది. అందులో ఆయన ఫోన్ మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. కింద సెకన్లు తగ్గిపోతున్నాయి. మాస్టారు బటన్ నొక్కలేదు. ఫోన్ ఆపేసి మళ్లీ ఆన్ చేశారు. కాసేపటికి అదే హెచ్చరిక మళ్లీ వచ్చింది. అప్పుడు భయం పట్టుకుంది. ఎర్రపేజీ స్క్రీన్‌షాట్ తీసి, మధ్యలోని ముక్క మాత్రం ఉంచి, డల్లాస్‌లోని మేనల్లుడికి వాట్సాప్‌లో పంపారు.

అక్కడ ఉదయం పదిన్నర. కుర్రవాడు ఆఫీసులో ఉన్నాడు. బొమ్మ చూసి వెంటనే ఫోన్ చేశాడు.

“మావయ్యా, కింద ఉన్న బటన్ నొక్కారా? ఏదైనా యాప్ ఇన్‌స్టాల్ చేశారా?”

“లేదురా. నీకు పంపాకే ఏదైనా చేద్దామనుకున్నా.”

“మంచిపని చేశారు. నోటిఫికేషన్ మళ్లీ వస్తే నొక్కకండి. పైనుంచి కిందికి లాగి, పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి స్క్రీన్‌షాట్ తీయండి. ఏమీ కత్తిరించకుండా మొత్తం పంపండి.”

మేనల్లుడు మొదట అడిగిన ఆ రెండు ప్రశ్నల్లోనే విషయమంతా ఉంది. హెచ్చరిక కనిపించినంత మాత్రాన, పేజీ తెరుచుకున్నంత మాత్రాన సాధారణంగా నష్టమేమీ ఉండదు. ఆ పేజీ చెప్పిన యాప్ దించుకుంటేనో, కార్డు నంబరో ఓటీపీనో ఇస్తేనో అసలు ప్రమాదం మొదలవుతుంది.

రెండో స్క్రీన్‌షాట్ వచ్చింది. వైరస్ గొడవంతా పెద్ద అక్షరాల్లో ఉంది. దానిపైన బూడిదరంగులో, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్నగా ఒక వరస. మొదట Chrome అని, ఆ పక్కన పొంతనలేని అక్షరాలతో ఒక వెబ్‌సైట్ చిరునామా. మొదటి బొమ్మలో మాస్టారు కత్తిరించేసింది కూడా ఇలాంటి ముక్కే, పేజీ పైన చిరునామా ఉండే పట్టీ. కబురు పంపింది ఫోన్ కాదని, క్రోమ్ బ్రౌజర్ ద్వారా ఏదో ఒక వెబ్‌సైట్ పంపిందని ఆ వరస చెబుతోంది. ఫోన్ తయారుచేసిన కంపెనీ పేరుగానీ, ప్లే స్టోర్ పేరుగానీ అందులో లేదు.

“మరి నా ఫోన్ పేరు దానికెలా తెలిసిందిరా?” అన్నారు మాస్టారు. లెక్కల మాస్టారు కదా, మెట్టు వదిలేస్తే ఒప్పుకోరు.

ఫోన్ మోడల్ ఏమిటని ఏ వెబ్‌సైటయినా బ్రౌజర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఏ ఊరివాళ్లో కూడా ఇంటర్నెట్ చిరునామాను బట్టి సుమారుగా ఊహిస్తుంది. మాస్టారు చూసిన పేజీలో ఊరు హైదరాబాద్ అని ఉంది. ఆయన కూర్చున్నది తెనాలిలో. మొబైల్ డేటా వాడేటప్పుడు ఇలా వేరే ఊరి పేరు పడటం మామూలే. ఇక వైరస్‌ల మాటంటారా, వెబ్ పేజీకి ఫోన్లోని మిగతా యాప్‌లను తెరిచి పరీక్షించే వీలు లేదు. బ్రౌజర్ దాన్ని ఆ హద్దు దాటనివ్వదు. రోడ్డున పోయేవాడు గేటు బయటి నుంచే చూసి, మీ గుండెలో అయిదు చోట్ల అడ్డుంది అన్నట్టే ఆ లెక్క.

“ఆపి ఆన్ చేసినా మళ్లీ ఎందుకొచ్చింది?”

ఆ ప్రశ్నకు జవాబు రెండు రోజుల వెనక ఉంది. పంచాంగం పీడీఎఫ్ కోసం వెతుకుతూ మాస్టారు ఒక సైటు తెరిచారు. మీరు రోబో కాదని తేలాలంటే Allow నొక్కండి అని అడిగింది. నొక్కారు. అది రోబో పరీక్ష కాదు, నోటిఫికేషన్లు పంపుకోవడానికి అనుమతి. ఒకసారి ఇస్తే అది క్రోమ్‌లో నిలిచిపోతుంది. ఆ పేజీ మూసేసినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా కబుర్లు వస్తూనే ఉంటాయి. ఫోనే చెబుతోందని పెద్దవాళ్లు నమ్మేది కూడా అందుకే.

మేనల్లుడు లైన్లోనే ఉండి చేయించాడు. క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, Settings, అందులో Site settings, అందులో Notifications. అనుమతి ఉన్న సైట్లు మూడు కనిపించాయి. ఒకటి ఆయన రోజూ చదివే పత్రిక. మిగతా రెండూ ఆయనకు తెలియనివే. ఆ రెండింటినీ నొక్కి అనుమతి తీసేశారు. తర్వాత ప్లే స్టోర్‌లో పైన మూలనున్న ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Play Protect లోకి వెళ్లి Scan చేయించాడు. నిజంగా హానిచేసే యాప్ ఏదైనా ఉంటే చెప్పాల్సిన చోటు అది. అక్కడ సెకన్లు తగ్గిపోతూ బెదిరించడాలు ఉండవు. మాస్టారి ఫోన్లో ఏమీ దొరకలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్క్రీన్‌షాట్ అన్నీ చూపించదు. అంతకుముందు ఏం నొక్కారో అందులో కనిపించదు కాబట్టి అడిగే తెలుసుకోవాలి. ఆ బూడిదరంగు వరసలో క్రోమ్‌కు బదులు ఎప్పుడూ వినని యాప్ పేరుంటే కథ వేరు. ఏ లింకు నుంచో ఏపీకే ఫైలు దించి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఇంకా వేరు. అప్పుడు ముందు నెట్ ఆపేయాలి. ఆ ఫోన్లో బ్యాంకు యాప్ తెరవకూడదు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ యాప్ తీసేసే పని, తెలిసినవాళ్ల చేత చేయించడమే మంచిది.

స్క్రీన్‌షాట్ పంపడంలోనూ ఒక పద్ధతి ఉంది. పైన టైమ్ కనిపించే పట్టీ నుంచి కింది అంచు దాకా మొత్తం పంపాలి. ఓటీపీ, ఖాతా నంబరు ఉంటే మాత్రం అవి కనపడకుండా చెరిపి పంపాలి. అందుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, విసుక్కోకండి. ‘ఇది కూడా తెలీదా’ అని ఒక్కసారి అంటే, పెద్దవాళ్లు రెండోసారి పంపరు, బటన్ నొక్కేస్తారు. మాస్టారు ఆ రాత్రి బటన్ నొక్కకుండా ఆగింది, అడిగితే చెప్పే మనిషి ఉన్నాడన్న ధైర్యంతోనే.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నల ఫోన్ ఒకసారి చేతిలోకి తీసుకుని క్రోమ్‌లో ఆ Notifications జాబితా తెరవండి. దూరాన ఉంటే వీడియో కాల్‌లో చేయించండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను బట్టి మాటలు కాస్త మారొచ్చు, దారి మాత్రం అదే. వాళ్లకు తెలియని సైటు పేరు కనిపిస్తే అక్కడికక్కడే అనుమతి తీసేయండి.