వెళ్లాడా, వెళ్లిందా, వెళ్లారా?

ఇంగ్లీషు క్రియను చూసి ఆ పని చేసింది ఆడో మగో చెప్పలేం. ఆ మనిషి మీద మాట్లాడేవారికి గౌరవం ఉందో లేదో అసలే చెప్పలేం. తెలుగులో మరొకరి గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఈ రెండూ తేలితే గాని వాక్యం పూర్తికాదు: వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు. మామూలు కథల్లో ఇది పెద్ద చిక్కు కాదు. మనిషెవరో దాచి నడిపే కథలో మాత్రం ఒక్క ప్రత్యయం తప్పితే గుట్టంతా రట్టవుతుంది.

కోనన్ డాయిల్ 1891లో స్ట్రాండ్ పత్రికలో ప్రచురించిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' ఇందుకు మంచి పరీక్ష. బొహీమియా రాజుకు పెళ్లి కుదిరింది. తాను ఒకప్పుడు ఐరీన్ ఆడ్లర్ అనే గాయనితో దిగిన ఫొటో ఆమె దగ్గర ఉండిపోయింది. దాన్ని ఎలాగైనా రాబట్టమని హోమ్స్‌ను ఆశ్రయిస్తాడు. హోమ్స్ మతగురువు వేషంలో ఆమె ఇంట్లోకి చేరి, ఫొటో ఎక్కడుందో కనిపెట్టి, వాట్సన్‌తో కలిసి రాత్రి బేకర్ స్ట్రీట్‌కు తిరిగొస్తాడు. తలుపు తీయబోతుండగా దారిన పోతున్న ఎవరో ఆయన్ని పేరు పెట్టి పలకరిస్తారు. ఆ మాట పొడుగాటి కోటు వేసుకుని చకచకా వెళ్లిపోయిన ఓ సన్నటి కుర్రాడిదే అయి ఉంటుందని వాట్సన్‌కు అనిపిస్తుంది. ఈ గొంతు ఎక్కడో విన్నానే అనుకుంటాడు హోమ్స్. ఆ కుర్రాడు మగవేషంలో ఉన్న ఐరీన్ అని మర్నాడు గాని తెలియదు.

ఇక్కడ మూడు వాక్యాలున్నాయి, మూడింటికీ మూడు దారులు. మొదటిది పలకరింపు. 'ఎవరో పలకరించారు' అంటే చాలు. 'ఎవరో' అన్నాక మనిషి ఒక్కరైనా 'వచ్చారు', 'పిలిచారు' అనడం మన ఇళ్లలో రోజూ వినే మాటే. అందులో ఆడా మగా తేలదు, తేల్చలేదన్న అనుమానమూ రాదు. రెండోది కుర్రాడి సంగతి. అది వాట్సన్ కంటికి కనిపించినది, కాబట్టి 'కుర్రాడు వెళ్లిపోయాడు' అని నిస్సంకోచంగా రాయొచ్చు. పొరబడింది వాట్సన్, అనువాదకుడు కాదు. మాట మాత్రం 'ఆ కుర్రాడి నోటి నుంచి వచ్చినట్టు అనిపించింది' అనాలి. మూలంలోని అనుమానం అలా నిలుస్తుంది. మూడోది హోమ్స్ ప్రశ్న. 'ఎవడై ఉంటాడు?' అని రాస్తే హోమ్స్ కూడా మగవాడేనని తేల్చేసినట్టవుతుంది. 'ఎవరామె?' అంటే కథ అక్కడే అయిపోతుంది. 'ఎవరై ఉంటారబ్బా?' అన్నది ఒక్కటే సరిపోతుంది.

మర్నాడు ఐరీన్ ఉత్తరం దొరుకుతుంది. అక్కడ అనువాదకుడికి ఏ శ్రమా లేదు. 'వచ్చాను', 'అన్నాను' వంటి ఉత్తమ పురుష క్రియలకు లింగభేదం లేదు. అందుకే అజ్ఞాత వ్యక్తి రాసిన ఉత్తరాలూ డైరీలూ హిందీలో కన్నా తెలుగులో తేలిగ్గా ఒదుగుతాయి.

'-రు'ను అన్నిచోట్లా వాడేస్తే సరిపోదా అంటే, సరిపోదు. 'ఎవరో' లేకుండా 'తలుపు దగ్గరికి వచ్చారు' అని రాస్తే పాఠకుడికి నలుగురు కనిపించవచ్చు. అలాంటిచోట వాక్యాన్ని మనిషి మీంచి తప్పించి 'తలుపు చప్పుడైంది', 'ఒక గొంతు వినిపించింది' అనాలి. ఇలాంటివి రెండు మూడు వరసగా పడితే మాత్రం రచయిత ఏదో దాస్తున్నాడని పాఠకుడు పసిగడతాడు. పేరా పైకి చదివితే చెవికే తెలుస్తుంది.

ఇక గౌరవం. హోమ్స్, వాట్సన్‌లు ఒకే ఇంట్లో కాపురమున్న స్నేహితులు. ఈ కథ నాటికి 'నువ్వు' సహజం. 1887 నాటి 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో కొత్తగా పరిచయమైనప్పుడు మాత్రం 'మీరు' అనాలి. ఐరీన్ గురించి హోమ్స్ మాట మారే తీరు ఇంకా రుచికరం. కేసు చేతికొచ్చినప్పుడు 'ఆమె ఎక్కడ ఉంటోంది?' అన్నవాడు, ఓడిపోయాక 'ఆవిడ వెళ్లిపోయారు' అనాలి. ఇంగ్లీషు క్రియలో లేని ఆ మార్పు కథలో ఉంది. వాట్సన్ కథనంలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా 'ఆమె అంది' అనే ఉంచాలి. అక్కడా మారిస్తే సంభాషణలో వచ్చిన మార్పు పాఠకుడి కంట పడదు.

చివర్లో రాజు చాచిన చేతిని హోమ్స్ పట్టించుకోడు. ఆ తిరస్కారం చూపడానికి 'నువ్వు'లోకి దిగాలనిపిస్తుంది. దిగకూడదు. హోమ్స్ ఎత్తిపొడుపంతా మర్యాద చాటునే ఉంది. అంతవరకూ 'మీరు' అంటూ వచ్చినవాడు అక్కడ 'తమరు' అంటే చాలు, చురక తగులుతుంది.