ఒక పొర గుడ్డ, రెండు రింగులు

బల్ల మీద పరిచి చూస్తే అందులో పెద్దగా చూసేందుకేమీ ఉండదు. రెండు మీటర్ల గుడ్డ, పన్నా డెబ్బై సెంటీమీటర్ల పైచిలుకు. ఒక చివర కుట్టేసిన రెండు అల్యూమినియం రింగులు. జిప్పు లేదు, బకిల్ లేదు, స్పాంజి లేదు. రింగ్ స్లింగ్ అంటే ఇంతే. రెండో చివరను రెండు రింగుల్లోంచీ తీసి, ఒకదాని మీదుగా వెనక్కి మళ్ళించి, రెండోదాని కిందుగా లాగితే బిడ్డ బరువే దాన్ని బిగించి ఉంచుతుంది. మిగిలిన గుడ్డ ముందుకి కొంగులా వేలాడుతుంది. నిజానికి మా ఇంట్లో దాన్ని కొంగు అనే అంటాం.

మా చెల్లెలు ఎనిమిది కిలోల కొడుకును ఇందులో వేసుకుని ఒక మే నెల హైదరాబాద్‌లోనూ, ఆ వెంటనే వచ్చిన జూలై విశాఖపట్నంలోనూ తిరిగింది. ఒకటి నిప్పుల కొలిమి, రెండోది ఆవిరి కుండ. ఆ రెండింటికీ ఒకే గుడ్డ ఎంతవరకు సరిపోయిందో దగ్గరుండి చూశాను. అప్పటిదాకా నేను దాన్ని పాత చీరతో కట్టుకునే జోలెకు కొత్త పేరు, కొత్త ధర అనుకున్నాను. ఇప్పుడు దాని కుట్టు చూస్తే కుట్టినవాళ్ళ చేయి ముద్దాడాలనిపిస్తుంది.

ఈ రూపం 1981లో హవాయిలో పుట్టింది. రేనర్ గార్నర్ అనే ఆయన తన బిడ్డ కోసం చేశాడు. వెచ్చటి, వానలు పడే దీవుల్లో పుట్టినా, అది అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి భుజం మీదా అంచుల్లోనూ దూది చేరింది. తల్లి భుజం నొప్పెట్టకూడదని, బిడ్డ తొడకు అంచు ఒరుసుకోకూడదని. ఆలోచన మంచిదే, వేసవిలో మాత్రం ఆ దూదే శత్రువు. తర్వాతి కుట్టుపనివాళ్ళు దాన్ని కొద్దికొద్దిగా తీసేస్తూ వచ్చారు. దూది చేసే పనిని నేతకు, మడతకు అప్పగించారు. చెల్లెలి స్లింగ్ పనితనమంతా అక్కడుంది.

ముందు నేత సంగతి. మామూలు చీర గుడ్డలో పడుగు, పేక ఒకటి మీదుగా ఒకటి కిందుగా అల్లుకుంటాయి. పలచగా, చల్లగా ఉంటుంది కానీ ఎనిమిది కిలోలు వేస్తే భుజం దగ్గర తాడులా కోసుకుపోతుంది. ఈ స్లింగ్‌ది వాలు నేత. పేక దారం రెండేసి పడుగుల మీదుగా దాటుతూ, ప్రతి వరసలో ఒక దారం పక్కకు జరుగుతుంది. జీన్స్ ప్యాంటు మీద కనిపించే ఏటవాలు గీతలు అవే. ఆ దాటుళ్ళ వల్ల గుడ్డ మూలగా కాస్త సాగుతుంది, నిలువునా సాగదు. అందుకే బిడ్డ వీపు వంపుకు అతుక్కుంటుంది కానీ గంట గడిచినా కిందికి జారిపోదు. చదరపు మీటరుకు రెండు వందల గ్రాములలోపు బరువుండే నూలు, కొంచెం నార కలిసిన గుడ్డ ఇది. ఎండకు ఎత్తి పట్టుకుంటే అవతల చెట్టు ఆకారం తెలుస్తుంది. అంతకన్నా పలచనైతే బరువు మోయదు, మందమైతే ఉక్కపోస్తుంది.

ఒకటే పొర ఉండటంలో అసలు కిటుకు ఇంకొకటుంది. తల్లి ఛాతీ, బిడ్డ పొట్ట ఆనుకున్నచోట గాలి ఆడదు. ఏ క్యారియర్‌లోనైనా అంతే, దానికి మందు లేదు. హైదరాబాద్ మే మధ్యాహ్నం గాలి నలభై డిగ్రీలుంటే, మన చర్మం ముప్పై అయిదు దగ్గర ఉంటుంది. అప్పుడు గాలి మనల్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. చెమట ఆరడం ఒక్కటే దారి. ఆనుకున్నచోట పుట్టిన చెమట గుడ్డలోకి పాకి, బయటి ముఖానికి చేరి, అక్కడ ఆరాలి. ఒక పొర నూలులో ఆ ప్రయాణం చిన్నది. స్పాంజి వేసిన బకిల్ క్యారియర్‌లో చెమట లోపలే నిలిచిపోతుంది. మెష్ క్యారియర్లు నయమే కానీ, చాలావాటిలో బిడ్డ వీపు మీద మాత్రమే మెష్ ఉండి, నడుము పట్టీ, భుజాల పట్టీలు మందంగానే ఉంటాయి. కొనేటప్పుడు వీపు చూసి మురిసిపోకుండా, చేయి నడుము పట్టీ కింద పెట్టి చూడాలి.

భుజం దగ్గరి పనితనం చూడండి. డెబ్బై సెంటీమీటర్ల గుడ్డను మూడంగుళాల రింగులోకి దించాలి. కుట్టినావిడ దాన్ని కుచ్చిళ్ళలా గట్టిగా మడవకుండా, సన్నటి ముడతలుగా పోగేసి, రింగుల మీదుగా మడిచి మూడు వరసలు కుట్టింది. అలా పోగేసిన గుడ్డ రింగు దాటిన వెంటనే విసనకర్రలా విచ్చుకుని భుజమంతా కప్పుతుంది. బరువు పరుచుకుంటే దూది అక్కరలేదు. దారం పాలిస్టర్‌ది. గుడ్డంతా నూలైనా, ఆ మూడు వరసలు మాత్రం చెమటకు చివకకూడదు కనుక. రింగులకు అతుకు లేదు. సంచులకు వాడే రింగుల్లో అతుకు కనిపిస్తుంది, అవి బరువుకు విచ్చుకునే ప్రమాదముంది. ప్రతిసారీ వేసుకునే ముందు చెల్లెలు గోటితో రింగు చుట్టూ గీస్తుంది. ఎక్కడైనా గోరు తగులుకుంటే ఆరోజు స్లింగ్ బయటికి రాదు. ఎండలో ఆ రింగులు కాలతాయి కూడా, కొంగును ఒకసారి వాటి మీదుగా వేసేస్తుంది.

ఇక బట్టలు. బామ్మలు బిడ్డకు టోపీ, స్వెటర్, సాక్సు లేకుండా గడప దాటనివ్వరు. స్లింగ్ తనే ఒక పొర, తల్లి ఒళ్ళు ఇంకో పొర అని వాళ్ళకు నచ్చజెప్పేసరికి మే నెల సగమైపోయింది. బాబుకు చేతుల్లేని నూలు జుబ్బా, డైపర్, అంతే. స్లింగ్ బయట వేలాడే కాళ్ళకు మాత్రం వదులు పైజామా, నెత్తికి అంచున్న నూలు టోపీ, ఎండ తగిలేవి అవే కనుక. తల్లికి వదులు కాటన్ కుర్తా. ఇద్దరికీ మధ్య పాత మల్లు పంచె ముక్క ఒకటి. తడిసినప్పుడు దాన్ని లాగేసి ఇంకో ముక్క పెడుతుంది, స్లింగ్ విప్పక్కరలేదు. చెమటకాయలు పేలకుండా కాపాడింది పౌడరు కాదు, ఈ ముక్కే.

మెడ నిలిపి కూర్చోగలిగే వయసొచ్చాక ఆమె బాబును ఎదురుగా కాకుండా చంకకు మార్చేసింది. ఆనుకునే చోటు సగానికి సగం తగ్గింది. తరతరాలుగా ఇక్కడి తల్లులు బిడ్డను చంకన ఎత్తుకోవడంలో ఈ లెక్క కూడా ఉంటుందని నాకప్పుడు తోచింది.

బిడ్డకు వేడి చేసిందో లేదో చేతుల్నీ పాదాల్నీ బట్టి చెప్పలేం. మెడ వెనక రెండు వేళ్ళు పెట్టి చూడాలి. వెచ్చగా, పొడిగా ఉంటే సరి. తడిగా, కాలుతున్నట్టుంటే నీడకు చేరి దించేయాలి. మొహం కందిపోయి, ఊపిరి జోరుగా, లేపినా మత్తుగా ఉంటే అది ఇక స్లింగ్ సమస్య కాదు, డాక్టరు పని. ఆరు నెలలు నిండని పిల్లలకైతే నీళ్ళు పట్టకుండా పాలే తరచుగా ఇవ్వాలి. చెల్లెలు పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత తప్ప బయటికి వెళ్ళలేదు. మిట్ట మధ్యాహ్నానికి తగిన గుడ్డ ఎవరూ నేయలేదు.

ఆ పొడి ఎండలో కొంగుకు ఇంకో పనుండేది. దాన్ని తడిపి పిండి బాబు వీపు మీద వేస్తే, గాలికి ఆరుతూ చల్లబరిచేది. మొహం మీదికి మాత్రం ఎప్పుడూ రానివ్వలేదు. కప్పిన గుడ్డ కింద గాలి మారదు, బిడ్డ వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంది. జూలైలో విశాఖ వెళ్ళాక ఈ ఉపాయం పనిచేయలేదు. గాలే నీళ్ళతో నిండి ఉంటే తడి ఎక్కడికి పోతుంది? కొంగు గంటయినా తడిగానే ఉండి బాబుకు చిరాకు తెచ్చింది.

అక్కడే రెయిన్ కవర్ మొదలైంది. వీధి చివరి టైలరు చేత రబ్బరులాంటి పూత ఉన్న నైలాన్ గుడ్డతో ఒకటి కుట్టించింది. మొదటిది చుట్టూ ఎలాస్టిక్, పైన టోపీ, చూడ్డానికి ఎంతో ముద్దుగా ఉంది. పది నిమిషాల నడకకే లోపల బాబు జుబ్బా తడిసింది. కారుతోందనుకుని టైలరుతో గొడవపెట్టుకోబోయింది. ఆయన కవర్ తిరగేసి చూసి, ఇది వాన కాదమ్మా, చెమట అన్నాడు. నిజమే. కారిన నీళ్ళయితే కుట్టు వెంట గీతలా, చల్లగా ఉంటాయి. ఇక్కడ లోపలి ముఖమంతా మంచుపట్టినట్టు సమంగా, వెచ్చగా తడి. గాలి ఆడే మెంబ్రేన్ గుడ్డ కొన్నా ఇక్కడ పెద్ద తేడా ఉండదు. అది పనిచేయాలంటే లోపలి ఆవిరికన్నా బయట ఆవిరి బాగా తక్కువుండాలి. చలిదేశాల వానలో ఉంటుంది, విశాఖ జూలైలో ఉండదు.

రెండో కవర్ కుట్టిన తీరు నాకు మొదటిదానికన్నా పది రెట్లు నచ్చింది. ఎలాస్టిక్ తీసేశారు. టోపీ తీసేశారు. కవర్ బిడ్డ ఒంటికి చుట్టుకోకుండా, తల్లి రెండు భుజాల నుంచి చిన్న గుడారంలా వేలాడుతుంది. రెండు పక్కలా బెత్తెడు వెడల్పున తెరిచే ఉంటుంది. కింది అంచు బాబు పాదాలు దాటి జానెడు దిగుతుంది, లేకపోతే జారిన నీళ్ళన్నీ కాళ్ళలోకే. పై అంచు మెడ దగ్గర ఆగిపోతుంది, మొహం ఎప్పుడూ బయటే. టైలరు భుజం కుట్టును పై నుంచి ఛాతీ మీదికి దించి, మడిచి, లోపలి నుంచి టేపు అంటించాడు. సూది పడ్డ ప్రతిచోటా చిల్లే కనుక, వాన నేరుగా పడేచోట సూది పడకూడదన్నాడు. మొహానికీ నెత్తికీ గొడుగు. స్లింగ్ వల్ల చేయి ఖాళీగా ఉంటుంది కాబట్టి గొడుగు పట్టుకోవడం కష్టం కాదు.

ఆ కవర్ వేసుకుని గోపాలపట్నం బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాక మెడ వెనక వేళ్ళు పెట్టి చూసింది. పొడిగా లేదు, కానీ కాలడం లేదు. ఆ ఉక్కలో అంతకన్నా ఆశించలేం. స్లింగ్ అంచు ఒకవైపు తడిసింది. నూలు, నార తడిస్తే బలం పెరుగుతుందే కానీ తగ్గదు, అయితే రింగుల్లో బిగుసుకుపోయి సరిచేయడం కష్టమవుతుంది. వెదురు పేరుతో అమ్మే మెత్తటి విస్కోస్ స్లింగులు మాత్రం తడిస్తే చాలా బలం కోల్పోతాయి, వానకాలానికి అవి వద్దు. చెల్లెలు బస్సెక్కే ముందే కొంగు లాగి మళ్ళీ బిగించుకుంది. ఇంటికెళ్ళాక స్లింగ్‌ను ఫ్యాన్ కింద ఆరేసింది, రింగులు కిందికి వచ్చేలా. రింగుల దగ్గరి ముడతలే అన్నిటికన్నా ఆఖరున ఆరతాయి. అక్కడ తడి మిగిలితే రెండు రోజుల్లో బూజు వాసన వస్తుంది.